తల్లి ఫోనులో కొత్త చెల్లింపు ఖాతా: తిరిగి పొందే దారి, ఖర్చుకు హద్దు

ఫోనులో చెల్లింపుల యాప్ పెట్టడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్లో మూడు విషయాలు తేలిపోతాయి. ఆ ఖాతా ఏ ఫోను నంబరు మీద నిలబడుతుంది? ఫోను పోయినా, పిన్ మరచిపోయినా ఎవరి సాయంతో తిరిగి చేతికి వస్తుంది? ఒక్క పొరపాటు జరిగితే ఎంత సొమ్ము పోగలదు? సాధారణంగా పెద్దవారి ఫోను పిల్లలో మనుమలో చేతిలోకి తీసుకొని, అడిగిన చోటల్లా ‘సరే’ నొక్కి, పని అయిందనిపించి తిరిగి ఇచ్చేస్తారు. ఈ మూడు ప్రశ్నలకూ సమాధానాలు ఆ తొందరలోనే, ఎవరూ ఆలోచించకుండానే స్థిరపడిపోతాయి.

బరంపురంలో ఉద్యోగ వ్యాపారాల నిమిత్తం స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. తల్లిదండ్రుల బ్యాంకు ఖాతా చాలా సందర్భాల్లో ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు స్వగ్రామపు శాఖలో ఉంటుంది. ఆ ఖాతాకు ఎప్పుడో ఇచ్చిన నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరుందో ఇంట్లో అందరికీ తెలియదు. కనుక ఒక కుటుంబాన్ని ఉదాహరణగా ఊహించుకొని, పనిని మొదటినుంచీ చూద్దాం.

డెబ్బై ఒక్క ఏళ్ల తల్లి. భర్త పోయిన తరువాత సోంపేట ప్రాంతంనుంచి బరంపురం గాంధీనగర్‌లో ఉన్న కొడుకు ఇంటికి వచ్చింది. కుమార్తె విశాఖపట్నంలో ఉంటుంది. తల్లికి నెలకు పద్దెనిమిది వేల రూపాయల కుటుంబ పింఛను వస్తుంది. అది జమ అయ్యే పొదుపు ఖాతా ఒకప్పటి ఆంధ్రా బ్యాంకుది. 2020 ఏప్రిల్ 1న జరిగిన విలీనంతో అది యూనియన్ బ్యాంకు ఖాతా అయింది. అదే శాఖలో నాలుగు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఉంది. పాలవాడికి, కూరల బండికి, మందుల దుకాణానికి తానే చెల్లించుకోవాలని ఆమె కోరిక. ప్రతి చిన్న ఖర్చుకూ కొడుకును అడగడం ఆమెకు ఇష్టం లేదు. ఆ కోరిక న్యాయమైనది. దానికి తగినట్టే అమరిక ఉండాలి.

ముందుగా నంబరు

యూపీఐ యాప్ పెట్టేటప్పుడు ఫోనులోని సిమ్‌నుంచి బ్యాంకుకు ఒక సంక్షిప్త సందేశం దానంతట అదే వెళ్తుంది. ఆ సిమ్ నంబరు, బ్యాంకు ఖాతాలో నమోదైన నంబరు ఒకటైతేనే ఖాతా కనిపిస్తుంది. ‘మీ నంబరుకు ఖాతా ఏదీ లేదు’ అని యాప్ చెబితే తప్పు యాప్‌ది కాదు, నమోదైన నంబరుది. రెండు సిమ్‌లున్న ఫోనులో వేరే సిమ్‌ను ఎంచుకున్నా ఇదే జరుగుతుంది. సిమ్‌లో సందేశాలు పంపే ప్లాన్ లేకపోతే ధృవీకరణ మధ్యలో ఆగిపోతుంది.

మన ఉదాహరణలో ఖాతాకు ఉన్న నంబరు పోయిన తండ్రిది. ఇది అరుదైన సంగతి కాదు. ఆ సిమ్‌కు రీఛార్జి చేయడం మానేస్తే కొన్ని నెలల తరువాత సంస్థ ఆ నంబరును రద్దు చేసి, కొంతకాలానికి మరొకరికి కేటాయిస్తుంది. అప్పటినుంచి తల్లి ఖాతాకు వచ్చే ఓటీపీలన్నీ ముక్కూమొహం తెలియని వ్యక్తి ఫోనులో పడతాయి. ఆ వ్యక్తి నిజాయితీపరుడైనా, తల్లికి తన ఖాతా మీద పట్టు పోయినట్టే. తన నంబరును ఆ ఖాతాకు ఇచ్చి ఉంచిన కొడుకు విషయమూ దీనికి భిన్నం కాదు. తల్లి ఫోనులో యాప్ పనిచేయదు. కొడుకు సిమ్ మార్చిననాడు ఇద్దరికీ ఇబ్బంది.

అందువల్ల మొదటి పని బ్యాంకులో. తల్లి పేరునే తీసుకున్న, ఆమె ఫోనులోనే ఉండే నంబరును ఖాతాకు నమోదు చేయించాలి. పాస్‌బుక్, ఆధార్, పాన్ వెంట తీసుకొని తల్లినే శాఖకు తీసుకువెళ్లాలి. ఇతర శాఖలో ఈ మార్పు చేస్తారో లేదో బరంపురంలోని ఆ బ్యాంకు శాఖలోనే ముందు అడగవచ్చు. వీలుకాదంటే సోంపేట ప్రయాణం తప్పదు. ఆధార్‌కు కూడా అదే నంబరు ఉండేటట్టు చూడాలి. రాష్ట్రం మారినందుకు కొత్త నంబరు తీసుకోనక్కరలేదు. 2015 జులై 3నుంచి నంబరు మార్చకుండానే దేశంలో ఏ ప్రాంతపు సేవకైనా మారే వీలుంది. ఆంధ్ర నంబరు ఒడిశాలో నిశ్చింతగా పనిచేస్తుంది.

కొత్త నంబరు నమోదైనట్టు బ్యాంకునుంచి సందేశం వచ్చేవరకూ యాప్ జోలికి పోకుండా ఆగడం మేలు. పాత నంబరుతో సగం, కొత్త నంబరుతో సగం నమోదైన ఖాతాను సరిచేయడం మొదటినుంచి చేయడంకంటే కష్టం.

గూగుల్ ఖాతా: ఎవరు తలుపు తీయగలరు

ఆండ్రాయిడ్ ఫోను ఏదైనా ఒక గూగుల్ ఖాతా మీద నడుస్తుంది. యాప్‌లు దించుకునేది దాని ద్వారానే, ఫోను పోతే దాని ఆచూకీ వెతికేదీ దాని ద్వారానే. పెద్దల ఫోన్లలో ఈ ఖాతాను తరచుగా దుకాణదారే సృష్టిస్తాడు. సంకేతపదం అతనికి గుర్తుండదు, తల్లికి అసలే తెలియదు. అలాంటి ఖాతా ఉంటే దాన్ని బాగుచేయడానికి ప్రయాసపడవద్దు. తల్లి పేరుతో కొత్తది తెరిచి, ఫోటోలు, నంబర్లు అందులోకి మార్చి, పాతదాన్ని ఫోనునుంచి తొలగించండి.

కొత్త ఖాతాలో సెట్టింగులకు వెళ్లి, భద్రత విభాగం తెరిస్తే మూడు ఏర్పాట్లు కనిపిస్తాయి. ‘Recovery phone’ అన్నచోట తల్లి నంబరునే ఇస్తే ఫోనూ సిమ్మూ కలిసి పోయిననాడు అది పనికిరాదు. కనుక అక్కడ కుమార్తె నంబరు ఇవ్వడం మంచిది. ‘Recovery email’ అన్నచోట కొడుకు ఈమెయిల్ ఇవ్వవచ్చు. మూడవది ‘Recovery contacts’. దీన్ని గూగుల్ 2025 అక్టోబరులో ప్రవేశపెట్టింది. పదిమందివరకూ ఇవ్వవచ్చు గాని, ఇద్దరు చాలు. ఒకరు బరంపురంలో ఇంట్లో ఉన్నవారు, మరొకరు వేరే ఊళ్లో ఉన్నవారు. ఒకే ఇంట్లో ఇద్దరినీ పెడితే, ఇంట్లో దొంగతనం జరిగిననాడు అందరి ఫోన్లూ ఒకేసారి పోవచ్చు.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తేనే దాని బలమూ, బలహీనతా తెలుస్తాయి. తల్లి కొత్త ఫోనులో తన ఖాతా తెరవలేకపోయిందనుకోండి. సాయానికి కుమార్తెను ఎంచుకుంటుంది. తల్లి తెర మీద ఒక సంఖ్య కనిపిస్తుంది. కుమార్తె ఫోనులో కొన్ని సంఖ్యలు కనిపిస్తాయి. తల్లి తెర మీద ఉన్న సంఖ్యనే కుమార్తె నొక్కాలి. దానికి గడువు పదిహేను నిమిషాలు. అంటే ఆ సమయంలో ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉండాలి. కుమార్తెకు తల్లి ఉత్తరాలు గాని, ఫోటోలు గాని కనిపించవు; ఆమె చేసేది ‘ఈమె మా అమ్మే’ అని సాక్ష్యం చెప్పడం మాత్రమే.

ఆ సాక్ష్యంలోనే అపాయమూ ఉంది. తల్లి ఖాతాలోకి చొరబడదలచినవాడు సందేశం పంపి, “నేను అమ్మనే, ఫోను పాడైంది, నలభై రెండు నొక్కు” అని రాయవచ్చు. అందుకని కుటుంబంలో ఒక నియమం పెట్టుకోవాలి: సందేశం చూసి ఎవరూ ఏ సంఖ్యా నొక్కరాదు. తల్లి గొంతు విని, అవసరమైతే పక్కన ఉన్న కొడుకు నంబరుకు తిరిగి ఫోను చేసి, “అమ్మా, నీకు ఏ అంకె కనిపిస్తోంది?” అని అడిగిన తరువాతే నొక్కాలి. తల్లి ఏ ఫోనులోనూ ప్రవేశించడానికి ప్రయత్నించని రోజున అలాంటి అభ్యర్థన వస్తే, అది ఇతరుల పని. దాన్ని తిరస్కరించి, వెంటనే తల్లికి చెప్పాలి.

ఈ ఏర్పాట్లను చేసిన రోజే పరీక్షించి చూడాలి. అవసరం వచ్చిననాడు మొదటిసారి తెరిచే తాళం తుప్పు పట్టి ఉండవచ్చు. కొడుకు ఫోనులో తల్లి ఖాతాతో ప్రవేశించి, ధృవీకరణ ఏయే దారులలో అడుగుతోందో చూసి, సంకేతపదం దాచమని అడిగితే వద్దని, తిరిగి బయటకు వచ్చేయాలి. అసలు అవసరం వచ్చినప్పుడు తెరవవలసిన చిరునామా g.co/recover. రెండంచెల ధృవీకరణ పెట్టుకుంటే గూగుల్ పది అత్యవసర సంకేతాలను కూడా ఇస్తుంది. ఒక్కొక్కటి ఒక్కసారే పనికివస్తుంది. వాటిని కాగితం మీద రాసి, బీరువాలో పాస్‌బుక్ దగ్గర ఉంచాలి. ఫోనులో ఫోటో తీసి ఉంచితే, తాళంచెవిని తాళానికే వేలాడదీసినట్టు.

ఒక హెచ్చరిక. తిరిగి పొందే నంబరునో ఈమెయిల్‌నో మార్చిన తరువాత కూడా గూగుల్ ఏడు రోజులవరకూ పాత నంబరుకు సంకేతం పంపే అవకాశం ఇవ్వవచ్చు. దొంగ వాటిని మార్చివేసినప్పుడు అది మనకు వరం. దుకాణదారు నంబరును మనమే తొలగించినప్పుడు మాత్రం ఆ వారం రోజులు ఆ విషయం గుర్తుండాలి.

పిన్‌కు సహాయకులు ఉండరు

ఇక్కడే చాలామంది పొరపడతారు. గూగుల్ ఖాతాకు ఉన్నట్టు యూపీఐ పిన్‌కు సాక్షులు, సహాయకులు ఉండరు. పిన్ మరచిపోతే కొత్తది పెట్టుకోవడమే. దానికి కావలసినవి ఏవో చూడండి: ఫోను, అందులో సిమ్, ఆ సిమ్‌కు వచ్చే ఓటీపీ, డెబిట్ కార్డు మీది చివరి ఆరు అంకెలు, కార్డు గడువు తేదీ. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి. కార్డు లేకపోతే ఆధార్ నంబరుతో, ఆధార్‌కు నమోదైన ఫోనుకు వచ్చే ఓటీపీతోనూ పిన్ పెట్టుకోవచ్చు.

ఇప్పుడు మన పెద్దల ఫోను అట్టకవరు తెరిచి చూడండి. ఏటీఎం కార్డు అందులోనే ఉంటుంది. దాని వెనుక మడిచిన ఆధార్ జిరాక్సు. కొన్నింటిలో ఒక చీటీ మీద నాలుగంకెలు కూడా రాసి ఉంటాయి. అలాంటి ఫోను బస్సులోనో, సంతలోనో పోతే, దొరికినవాడికి తల్లి పిన్ తెలియనక్కరలేదు. తాళం లేని ఫోనైతే అతడే కొత్త పిన్ పెట్టుకోగలడు. ఫోను ఒకచోట, కార్డు మరొకచోట ఉండాలన్న ఒక్క అలవాటు అనేక భద్రతా సెట్టింగులకు సమానం. కార్డు బీరువాలోకి పోవాలి. ఫోను తెరకు తాళం ఉండాలి. తెర తాళం పడి ఉన్నప్పుడు సందేశాల పాఠం కనిపించకుండా సెట్టింగు మార్చాలి, లేకపోతే తాళం తీయకుండానే ఓటీపీ చదవవచ్చు.

సిమ్‌కు కూడా పిన్ పెట్టుకోవచ్చు. అది ఉంటే దొంగ సిమ్‌ను తీసి తన ఫోనులో వేసుకున్నా ఓటీపీలు రావు. కాని ఫోను ఆపి మళ్లీ వేసిన ప్రతిసారీ అది అడుగుతుంది. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ స్తంభించి, సంస్థ ఇచ్చే వేరే సంకేతం కావలసివస్తుంది. తల్లికి జ్ఞాపకశక్తి సరిగా ఉంటేనే ఇది పెట్టండి. మతిమరుపు మొదలైనవారికి ఇది మేలుకంటే బాధే ఎక్కువ చేస్తుంది.

పిన్‌ను తల్లే ఎంచుకోవాలి, తల్లే కొట్టాలి. ఆ క్షణంలో కొడుకు ముఖం పక్కకు తిప్పుకోవడం మర్యాద కోసం మాత్రమే కాదు. పిన్ ఇద్దరికి తెలిసిన ఖాతాలో ఐదు వేలు లెక్కకు రాకపోతే, దొంగను వెతకకముందే ఇంట్లో ఒకరినొకరు అనుమానించుకుంటారు. కోడలి మీదకో, మనుమడి మీదకో మాట పోతుంది. పుట్టిన సంవత్సరం, ఇంటి నంబరు, ఫోను నంబరులోని చివరి అంకెలు పిన్‌గా వద్దు. వరుసగా నాలుగు రోజులు, రోజుకు ఒక చిన్న చెల్లింపు చేయించండి. చేతికి అలవాటైన పిన్ చీటీ మీదకు ఎక్కదు.

మరొక్క మాట ఆమె మనసులో నాటుకోవాలి. డబ్బు పోవడానికే పిన్ కావాలి, రావడానికి అక్కరలేదు. ‘వాపసు సొమ్ము వస్తుంది, పిన్ కొట్టండి’ అని ఎవరన్నా, సొమ్ము తన ఖాతానుంచే పోబోతోందని అర్థం. వ్యక్తులు ఒకరినొకరు డబ్బు కోరుతూ యూపీఐలో పంపే అభ్యర్థనలను 2025 అక్టోబరు 1నుంచి నిలిపివేశారు. అయినా క్యూఆర్ కోడ్ పంపి ఇదే మాట చెప్పేవారు ఉన్నారు.

యాప్ భాషను తెలుగులో పెట్టండి. భీమ్ యాప్‌లో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. చెల్లించబోయే ముందు తెర మీద కనిపించే పేరును ఆమె చదవగలగాలి. ఆ పేరు బ్యాంకు రికార్డులో ఉన్న పేరు. కూరల బండివాడి పేరుకు బదులు అతని తమ్ముడి పేరో, భార్య పేరో రావచ్చు. అది తప్పు కాదు. ఒకసారి అడిగి తెలుసుకుంటే సరిపోతుంది.

హద్దు ఎక్కడ వేయాలి

కొత్త ఫోనులో యూపీఐ నమోదు చేసిన మొదటి ఇరవై నాలుగు గంటలు సాధారణంగా ఐదు వేల రూపాయలు మించి పంపనివ్వరు. దీన్ని చూసి చాలామంది యాప్ పాడైందనుకుంటారు. ఆ తరువాత సాధారణ చెల్లింపులకు హద్దు రోజుకు లక్ష రూపాయలు. డెబ్బై ఒక్క ఏళ్ల తల్లికి, నెలకు పద్దెనిమిది వేల పింఛనుకు లక్ష రూపాయల హద్దు హద్దే కాదు. కొన్ని బ్యాంకులు తమ యాప్‌లో యూపీఐ పరిమితిని తగ్గించుకొనే వీలు ఇస్తాయి. మీ బ్యాంకులో ఉంటే తప్పక వాడండి. కాని ఫోను మోసగాడి అదుపులో ఉంటే, తగ్గించిన పరిమితిని ఆ ఫోనుతోనే తిరిగి పెంచే అవకాశం ఉంటుంది.

ఎవరూ పెంచలేని హద్దు ఒకటే: యాప్‌కు కలిపిన ఖాతాలో ఉన్న సొమ్ము. అందువల్ల పింఛను ఖాతాను యాప్‌కు కలపవద్దు. ఖర్చు కోసం తల్లి పేరున వేరొక పొదుపు ఖాతా తెరిపించండి. కనీస నిల్వ నియమం ఏమిటో ముందే అడగండి. నిల్వ అక్కరలేని మూల పొదుపు ఖాతా ఉన్నవారికి అదే బ్యాంకులో మరో పొదుపు ఖాతా ఉండకూడదు, కనుక రెండవది వేరే బ్యాంకులో తెరవడం సులభం. తరువాత పింఛను ఖాతానుంచి ప్రతి నెల మూడవ తేదీన ఖర్చు ఖాతాకు నిర్ణీత మొత్తం వెళ్లేటట్టు శాఖలో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రాసి ఇవ్వండి.

ఎంత మొత్తం? తల్లినే లెక్క చెప్పమనాలి. పాలకు పదిహేను వందలు, మందులకు పద్దెనిమిది వందలు, కూరలకు, చిల్లర దుకాణానికి రెండు వేలు, కరెంటు బిల్లు తానే కడతానంటే ఏడు వందలు. వెరసి ఆరు వేలు. ఏ మోసగాడు ఎంత మాయ చేసినా పోయేది ఆ నెల మిగిలిన సొమ్మే. నాలుగు లక్షల డిపాజిట్, మిగిలిన పన్నెండు వేల పింఛను ఆ యాప్‌కు కనిపించవు.

ఈ ఏర్పాటులో నీరు కారే రంధ్రాలు కొన్ని ఉన్నాయి. మొదటిది ఆటో స్వీప్. పొదుపు ఖాతాలో డబ్బు చాలనప్పుడు డిపాజిట్‌ను విరిచి దానంతట అదే సర్దే సౌకర్యం ఇది. ఖర్చు ఖాతాకు ఇది ఉంటే ఆరు వేల హద్దు మాయమవుతుంది. శాఖలో ‘ఈ ఖాతాకు ఆటో స్వీప్ గాని, ఓవర్‌డ్రాఫ్ట్ గాని వద్దు’ అని రాతపూర్వకంగా ఇవ్వండి. రెండవది పింఛను బ్యాంకు సొంత యాప్. దాన్ని కూడా అదే ఫోనులో పెడితే డిపాజిట్‌ను ఫోనులోనే ముందుగా మూసివేయవచ్చు, దాని మీద అప్పూ తీసుకోవచ్చు. నిల్వ తెలుసుకోవడానికి పాస్‌బుక్ అచ్చు, సందేశాలు సరిపోతాయి. ఆ యాప్ తల్లి ఫోనులో అవసరం లేదు. మూడవది క్రెడిట్ కార్డు, ‘ముందే మంజూరైన రుణం’ వంటివి. అప్పుకు తలుపు తెరిస్తే, లేని సొమ్ము కూడా పోతుంది. నాలుగవది ఆటోపే. ఒకసారి ఒప్పుకుంటే సాధారణంగా పదిహేను వేలవరకూ ప్రతిసారీ పిన్ అడగకుండానే కోసుకోవచ్చు. నెలకొకసారి యాప్‌లో ఆ జాబితా తెరిచి, తెలియనిది ఉంటే రద్దు చేయాలి.

హద్దుకు మూల్యమూ ఉంటుంది. అర్ధరాత్రి ఎం.కె.సి.జి. ఆసుపత్రికి పోవలసివచ్చి ఇరవై వేలు కావాలంటే తల్లి ఫోను చాలదు. అప్పుడు కొడుకో కుమార్తెనో తమ ఖాతానుంచి చెల్లించాలి, లేదా బీరువాలోని పింఛను ఖాతా కార్డు తీయాలి. ఈ సంగతి ముందే మాట్లాడుకోకపోతే, ఆ రాత్రి కంగారులో పింఛను ఖాతాను యాప్‌కు కలిపేస్తారు, తరువాత విడదీయడం మరచిపోతారు. ఇది మామూలుగా జరిగే విషయమే.

ఏటీఎం కార్డు మాటా ఇక్కడే చెప్పుకోవాలి. 2020 అక్టోబరునుంచి అమలైన రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం, కార్డుకు ఏటీఎం, దుకాణం, ఆన్‌లైన్, విదేశీ వాడకాలకు విడివిడిగా పరిమితులు పెట్టుకోవచ్చు, వద్దనుకున్నవి ఆపివేయవచ్చు. తల్లి కార్డుకు ఏటీఎం వాడకం మాత్రం ఉంచి తక్కినవి ఆపితే ఆమెకు లోటేమీ ఉండదు.

కొడుకు ఖాతానుంచే చెల్లించే పద్ధతి

తల్లికి రెండవ ఖాతా తెరవడం కుదరకపోతే యూపీఐ సర్కిల్ అనే ఏర్పాటు ఉంది. ఇది 2024లో వచ్చింది. కొడుకు తన యాప్‌లో తల్లిని రెండవ వాడుకరిగా చేర్చుకుంటాడు. తల్లి క్యూఆర్ చూపి చెల్లిస్తే సొమ్ము కొడుకు ఖాతానుంచి పోతుంది. రెండు రకాలు ఉన్నాయి. ఒకదానిలో తల్లి చేసే ప్రతి చెల్లింపుకూ కొడుకు తన పిన్ కొట్టాలి. రెండవదానిలో ముందే నెలవారీ హద్దు పెట్టి వదిలేయవచ్చు. దానికి గరిష్ఠం నెలకు పదిహేను వేలు, ఒక్కసారికి ఐదు వేలు. చేర్చిన మొదటి రోజు ఇక్కడా తక్కువ హద్దే ఉంటుంది.

మొదటి రకం వినడానికి చాలా భద్రంగా ఉంటుంది. ఆచరణలో తల్లి మందుల దుకాణం ముందు నిలబడి ఉంటుంది, కొడుకు మీటింగులో ఉంటాడు. రెండు వారాల్లో ఆమె ఫోను వాడడం మానేస్తుంది. హద్దు పెట్టి వదిలేసే రెండవ రకమే పెద్దలకు తగినదని నా అభిప్రాయం. ఆమె సొంత పింఛను ఇందులో ప్రమేయమే లేనందున, మొదటి కొన్ని నెలలు నేర్చుకోవడానికి ఇది మంచి మార్గం. తన డబ్బు తానే ఖర్చు చేసుకోవాలన్న తల్లికి మాత్రం ఖర్చు ఖాతా పద్ధతే సరి.

జరగరానిది జరిగితే

‘ఈ రాత్రి తొమ్మిదిన్నరకు మీ కరెంటు కోసేస్తాం, ఈ నంబరుకు ఫోను చేయండి’ అన్న సందేశం చాలాకాలంగా దేశమంతా తిరుగుతోంది. ఫోను చేస్తే, తెరను పంచుకునే యాప్ ఒకటి దించుకోమంటారు. ఆపైన తల్లి కొట్టే ప్రతి అంకె వారికి కనిపిస్తుంది. బరంపురంలో కరెంటు టీపీఎస్‌ఓడీఎల్‌ది. బిల్లు కాగితం మీద ఉన్న వినియోగదారు సంఖ్యతో యాప్‌లోనే బిల్లు బాకీ ఉందో లేదో చూసుకోవచ్చు. వ్యక్తిగత నంబరునుంచి వచ్చిన సందేశానికి జవాబు చెప్పనక్కరలేదు.

సొమ్ము పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయాలి. ఇది దేశవ్యాప్త సైబర్ నేరాల సహాయ నంబరు. సొమ్ము ఇంకా మోసగాడి ఖాతాలో ఉండగానే దాన్ని నిలిపివేయించడం దీని ఉద్దేశం, కనుక గంటలు కాదు, నిమిషాలు లెక్క. బ్యాంకు పేరు, మొత్తం, సమయం, చెల్లింపు వివరాలలో కనిపించే పన్నెండంకెల సంఖ్య దగ్గర ఉంచుకోవాలి. తల్లికి ఒడియా, హిందీ తడబడితే పొరుగువారిని పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. తరువాత cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయాలి, బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా తెలపాలి.

బ్యాంకుకు ఎందుకు వెంటనే చెప్పాలంటే, రిజర్వు బ్యాంకు 2017 జులై 6న జారీ చేసిన నియమాల సారం ఇది: ఖాతాదారు తానే పిన్, ఓటీపీ ఇచ్చినందువల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు తెలిపే క్షణంవరకూ పోయినది ఖాతాదారుదే, తెలిపిన తరువాత పోయినది బ్యాంకుది. ఖాతాదారు తప్పు గాని, బ్యాంకు తప్పు గాని లేకుండా మరెక్కడో లోపం జరిగితే, మూడు పనిదినాల్లోపు తెలిపినవారికి నష్టం ఉండదు. సిగ్గుపడి, కొడుకు కోప్పడతాడని భయపడి తల్లి రెండు రోజులు దాచిపెడితే ఆ రెండు రోజులూ ఆమె లెక్కలోకే పోతాయి. ఆమె వెంటనే చెప్పగలిగేటట్టు ఇంట్లో వాతావరణం ఉంచడం పిల్లల వంతు.

ఫోనే పోతే క్రమం వేరు. ముందు సిమ్ సంస్థకు చెప్పి సిమ్‌ను ఆపించాలి, ఓటీపీలు ఆగుతాయి. తరువాత బ్యాంకు సహాయ నంబరుకు చెప్పి యూపీఐని, కార్డును ఆపించాలి. ఆపైన పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఆ రసీదుతో సంచార్ సాథీ వెబ్‌సైటులో ఫోనును పనిచేయకుండా చేయవచ్చు. దానికి ఫోను పదిహేను అంకెల ఐఎంఈఐ సంఖ్య కావాలి. అది ఫోను పెట్టె మీద ఉంటుంది, ఫోనులో *#06# కొట్టినా కనిపిస్తుంది. ఈ సంఖ్యను, సిమ్ సంస్థ నంబరును, రెండు బ్యాంకుల సహాయ నంబర్లను, 1930ని, కొడుకు, కుమార్తెల నంబర్లను ఈరోజే పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి, బీరువా తలుపు లోపలివైపు అంటించండి. పిన్ మాత్రం ఆ కాగితం మీద రాయవద్దు.